కృతజ్ఞత కన్నా ముందు కరుణ: తనను తాను తిట్టుకునే మనసుకు ఏది పనిచేస్తుంది?

మనసు బాగాలేదని చెప్పుకున్నవాళ్లకు తరచుగా ఎదురయ్యే సలహా ఒకటుంది: రోజూ పడుకునే ముందు, కృతజ్ఞతగా అనిపించిన మూడు విషయాలు రాసుకోమని. సలహా చెడ్డది కాదు. కానీ ప్రతి చిన్న తప్పుకూ తనను తాను నిలదీసుకునే అలవాటున్న మనిషి చేతిలో ఆ నోటుపుస్తకం ఇంకో పనికి ఉపయోగపడుతుంది. "ఉద్యోగం ఉంది, ఆరోగ్యం బాగుంది, ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటారు" అని రాసిన మరుక్షణమే లోపలి గొంతు అందుకుంటుంది: "ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నావంటే లోపం నీలోనే ఉంది." రాసిన మూడు మంచి విషయాలూ మూడు ఆరోపణలైపోతాయి. కొన్నాళ్లకు పుస్తకం మూలన పడితే, "ఇదీ చేతకాలేదు" అనే నాలుగో ఆరోపణ మిగులుతుంది.

అందుకని లోపలి విమర్శ తీవ్రంగా ఉన్నవాళ్ల విషయంలో ఏ అభ్యాసం మంచిదన్న ప్రశ్న కన్నా ఏది ముందు, ఏది తరవాత అన్నదే ముఖ్యం. ముందు తన పట్ల కరుణ, ఆ తరవాతే కృతజ్ఞత. ఇలా ఎందుకు చెప్పాల్సి వస్తుందో తెలియాలంటే రెండింటి మీదా జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయో చూడాలి.

కృతజ్ఞత గురించి తేలింది ఎంత?

ఈ రంగంలో అందరూ ఉదహరించే పరిశోధనను రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలౌ 2003లో ప్రచురించారు. అందులోని మొదటి ప్రయోగంలో విద్యార్థులను మూడు గుంపులు చేసి, పది వారాల పాటు వారానికోసారి రాయించారు. ఒక గుంపు కృతజ్ఞతగా అనిపించినవి, ఇంకో గుంపు చికాకు పెట్టినవి, మూడో గుంపు ఆ వారం తమ మీద ప్రభావం చూపిన మామూలు సంఘటనలు రాశాయి. కృతజ్ఞత రాసినవాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. ప్రచారంలో జారిపోయిన వివరం ఏమిటంటే, ఆ పరిశోధనలోని మరికొన్ని కొలతల్లో తేడా చికాకులు రాసిన గుంపుతో పోల్చినప్పుడే స్పష్టంగా కనిపించింది. వారం పొడుగునా చికాకులు వెతికి రాసినవాళ్ల కన్నా మెరుగ్గా ఉండటం పెద్ద విజయమేమీ కాదు.

తరవాతి ఏళ్లలో ఇలాంటి ప్రయోగాలు చాలా జరిగాయి. వాటన్నిటి ఫలితాలనూ కలిపి లెక్కించిన సమీక్షలు వచ్చాయి. 2016లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే కృతజ్ఞత అభ్యాసం మేలు చేస్తుంది. మనసుకు మంచిదని పేరున్న మరో పనితో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద ప్రత్యేకంగా చూసిన డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ 27 పరిశోధనలను కలిపి లెక్కించారు. వాళ్లకు కనిపించిన ప్రభావం 0.29. మామూలు మాటల్లో చెప్పాలంటే, అభ్యాసం చేసినవాళ్లలో ఒకరినీ చేయనివాళ్లలో ఒకరినీ ఎటూ చూడకుండా ఎంచితే, చేసిన మనిషి మెరుగ్గా ఉండటం వందలో సుమారు 58 సార్లు జరుగుతుంది. అభ్యాసానికి అసలు ప్రభావమే లేకపోతే ఆ సంఖ్య 50. అంటే ప్రయోజనం ఉంది, చిన్నది. కుంగుబాటుకు ఇదే చికిత్స అనుకుని దీనిమీదే ఆధారపడటం సరికాదని ఆ పరిశోధకులే తేల్చారు.

విమర్శ గొంతు ఎందుకు వదలదు?

తనను తాను తిట్టుకోవడాన్ని బయటివాళ్లు వట్టి చెడ్డ అలవాటుగా చూస్తారు. తిట్టుకునే మనిషికి మాత్రం అది అవసరమైన కాపలాలా అనిపిస్తుంది. బ్రిటిష్ క్లినికల్ సైకాలజిస్టు పాల్ గిల్బర్ట్ బృందం 2004లో ఈ గొంతును రెండు రకాలుగా విడదీసింది. ఒకటి "నువ్వు సరిపోవు" అంటూ లోపాలు ఎత్తిచూపే రకం. రెండోది "నువ్వంటేనే అసహ్యం" అంటూ శిక్షించే రకం. మొదటిదాని వెనక సాధారణంగా దిద్దుకోవాలన్న ఉద్దేశం ఉంటుంది, రెండోదాని వెనక బాధపెట్టాలన్న ఉద్దేశమే ఉంటుంది. ఈ వ్యాసంలోని అభ్యాసాలు ప్రధానంగా మొదటి రకానికి.

ఆ మొదటి రకాన్ని నిలబెట్టేది ఒక నమ్మకం: "తిట్టుకోకపోతే నేను బద్ధకస్తుడినైపోతాను." ఈ నమ్మకం కదలకుండా ఎన్ని అభ్యాసాలు చేసినా మనసు వాటిని సాకులుగానే లెక్కేస్తుంది. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాలు సరిగ్గా దీన్నే పరీక్షించాయి. ఒక ప్రయోగంలో విద్యార్థులకు కష్టమైన పదపరీక్ష పెట్టారు. తరవాత ఒక గుంపుకు, ఈ పరీక్ష కష్టంగా అనిపించడం మామూలే, మీ మీద మీరు మరీ కఠినంగా ఉండకండి అన్న అర్థంలో చెప్పారు. ఇంకో గుంపుకు, మీరు తెలివైనవాళ్లు కాబట్టే ఈ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది అన్నట్టు చెప్పారు. మూడో గుంపుకు ఏమీ చెప్పలేదు. తరవాతి పరీక్షకు ఎక్కువసేపు చదివింది మొదటి గుంపు. పొగడ్త వినడం వాళ్లను అంతసేపు కూర్చోబెట్టలేకపోయింది.

కెనడాలో మైకేల్ వోల్, టిమొతీ పిచిల్, షానన్ బెనెట్ 2010లో ప్రచురించిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. మొదటి పరీక్షకు చదువును వాయిదా వేసుకున్న విద్యార్థుల్లో, ఆ పొరపాటుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. పుస్తకం తెరవగానే తిట్లు మొదలైతే మనసు పుస్తకాన్నే తప్పించుకుంటుంది. తిట్ల భయం తగ్గితే పుస్తకం దగ్గరికి రావడం తేలికవుతుంది.

ఇక కరుణ అభ్యాసాల ఫలితం. లియా షపీరా, మిరియం మోంగ్రైన్ 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఏడు రోజుల పాటు రోజూ తమకు తామే కరుణతో ఒక చిన్న ఉత్తరం రాసుకున్నవాళ్లలో కుంగుబాటు లక్షణాల తగ్గుదల మూడు నెలల వరకూ నిలిచింది. ఇలాంటి అభ్యాసాలు స్వీయ విమర్శను ఎంత తగ్గిస్తాయో కలిపి లెక్కించిన ఒక సమీక్షలో ప్రభావం 0.5 దాటింది. ఇందాకటి లెక్కలో చెబితే అది వందలో సుమారు 64. కృతజ్ఞత అంకెతో దీన్ని పక్కపక్కన పెట్టి పందెం కట్టకూడదు, రెండూ కొలిచినవి వేరు. పైగా కరుణ పరిశోధనల్లో చాలావాటిలో పోలిక ఏ అభ్యాసమూ లేకుండా వేచి ఉన్నవాళ్లతోనే, కొలత కూడా వాళ్లు సొంతంగా నింపిన ప్రశ్నావళితోనే. అలాంటి పోలికలో అంకె కాస్త పెద్దదిగా కనిపించడం సహజం. ఆ తగ్గింపు వేసుకున్నా, స్వీయ విమర్శ అనే నిర్దిష్టమైన సమస్యకు సూటిగా తగిలే సాధనం ఇదే.

ఒక తప్పు, మూడు వాక్యాలు

తన పట్ల కరుణను పరిశోధనాంశంగా నిలబెట్టిన క్రిస్టిన్ నెఫ్ 2003లో దాన్ని మూడు భాగాలుగా చెప్పారు: బాధను ఉన్నదున్నట్టు గమనించడం, ఇలాంటిది మనుషులందరికీ జరుగుతుందని గుర్తించడం, తనతో దయగా ఉండటం. కింది అభ్యాసం ఈ మూడింటినీ కాగితం మీద పెడుతుంది. ఐదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. తప్పు జరిగిన రోజే చేస్తే మంచిది, కానీ ఉద్వేగం పదికి ఎనిమిది దాటి ఉంటే ఓ గంట ఆగాలి. ఆ స్థితిలో రాసేదంతా విమర్శ గొంతే రాస్తుంది.

ఉదాహరణకు ఒక ఉద్యోగి నెలవారీ నివేదిక పంపింది. పట్టికలో ఒక గడిలో పోయిన నెల అంకె ఉండిపోయింది. ఆరుగురున్న మీటింగులో మేనేజరు దాన్ని ఎత్తిచూపాడు. ఆమె ఇంటికి వచ్చినా ఆ క్షణమే తిరుగుతోంది.

మొదట ఆ గొంతు అంటున్నది అక్షరం మార్చకుండా రాయాలి. "బాధగా ఉంది" అని సారాంశం రాస్తే పని జరగదు. ఆమె రాసింది: "నువ్వెప్పుడూ ఇంతే. నిన్ను నమ్మి ఏ పనీ ఇవ్వకూడదు. ఇవాళ అందరికీ తెలిసిపోయింది." తలలో ఉన్నంతసేపూ నిజంలా వినిపించిన మాట, కాగితం మీద ఒక మనిషి అన్న మాటలా కనిపించడం మొదలవుతుంది.

తరవాత అందులో కెమెరాకు చిక్కేదేదో దాని కింద గీత గీయాలి. పై మూడు వాక్యాల్లో గీత గీయడానికి ఏమీ లేదు. జరిగింది వేరేగా రాయాల్సి వస్తుంది: "ఒక గడిలో పాత అంకె ఉంది. ఆరుగురి ముందు బయటపడింది." తప్పును చిన్నది చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. దాని అసలు కొలత రాయడమే పని.

ఆ పైన, ఈ గొంతు దేనికి భయపడుతోంది అని అడిగి ఒక్క వాక్యం రాయాలి. ఆమె జవాబు: "ఇంకోసారి ఇలా జరిగితే ముఖ్యమైన పనులు నాకు ఇవ్వరు." చాలామంది దాటేసే మెట్టు ఇది. దీన్ని దాటేస్తే తరవాత రాసే దయ గాలిలో తేలుతుంది, ఎందుకంటే అసలు భయానికి సమాధానం ఎవరూ ఇవ్వలేదు.

చివరగా జవాబు, మూడే వాక్యాల్లో. మొదటిది బాధను గుర్తించాలి, రెండోది ఇది తనొక్కదానికే జరిగేది కాదని చెప్పాలి, మూడోది భయానికి పనికొచ్చే ఒక చిన్న పని చెప్పాలి. ఆమె రాసింది: "అందరి ముందు తప్పు బయటపడటం నిజంగా అవమానంగా ఉంది. అంకెలతో పనిచేసేవాళ్లకు ఇలాంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇకమీదట పంపే ముందు పట్టికలో నెల పేరు ఒకసారి సరిచూసుకుంటాను, ఈ రాత్రికి చేయగలిగింది ఇంతే."

ఇక్కడ "నేను చాలా సమర్థురాలిని" వంటి మాట లేదు, ఉండకూడదు కూడా. జోఆన్ వుడ్ బృందం 2009లో చూపించిన విషయమిది: తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగిన మనిషిని" అని పదేపదే చెప్పుకుంటే వాళ్ల మనసు మరింత దిగజారింది. నమ్మలేని పొగడ్తకు మనసు వెంటనే ఎదురు సాక్ష్యాలు వెతుకుతుంది. పై మూడు వాక్యాల్లో ఎదురువాదానికి చోటు లేదు, ప్రతిదీ నిజమే.

రాసింది బయటికి చదివి వినాలి. మాటలు దయగా ఉండి గొంతు వెటకారంగా ఉంటే చెవికి వెంటనే తెలుస్తుంది. అలాంటప్పుడు మాటలు మార్చక్కర్లేదు, మెల్లగా మళ్లీ చదివితే చాలు. చదివే ముందు ఓ నిమిషం ఊపిరిని నెమ్మది చేయడం తోడ్పడుతుంది: నాలుగైదు సెకన్లు లోపలికి, ఐదారు సెకన్లు బయటికి. గుండె మీద చెయ్యి పెట్టుకోమని చాలాచోట్ల చెబుతారు. కొందరికి అది ఇబ్బంది. వాళ్లు రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నా, అరికాళ్లు నేలకు ఆనించి గమనించినా సరిపోతుంది.

ఈ పద్ధతి అలవాటయ్యాక, వారానికి ఒకటి రెండు సార్లు పది పదిహేను నిమిషాల ఉత్తరం రాయవచ్చు. తన పేరుతోనే మొదలుపెట్టి, "నువ్వు" అని సంబోధిస్తూ రాయాలి. ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒత్తిడి కలిగించే ప్రసంగానికి ముందు "నేను" అని కాక సొంత పేరుతో తమతో తాము మాట్లాడుకున్నవాళ్లు తక్కువ కలవరపడ్డారు. ఈ ఉత్తరాల్లో తరచుగా జరిగే పొరపాటు, నాలుగో వాక్యానికల్లా అది సలహాల జాబితాగా మారిపోవడం. "చెయ్యాలి", "మానుకోవాలి" అన్న క్రియలు లెక్కపెడితే పట్టుబడుతుంది. ఒకటి కంటే ఎక్కువ ఉంటే, రాస్తున్నది పాత గొంతే, మర్యాద నేర్చుకుని వచ్చింది.

దయతో ఏడుపు వస్తే

కొందరికి మొదటి ప్రయత్నంలోనే మనసు తేలికపడటానికి బదులు బరువెక్కుతుంది. కన్నీళ్లు, కోపం, పాత అవమానాలు ఒక్కసారిగా పైకొస్తాయి. మూసిన గదిలో గాలి లేక మందగించిన మంట, తలుపు తెరవగానే భగ్గుమన్నట్టు ఉంటుంది. నెఫ్, క్రిస్టొఫర్ గెర్మర్ రూపొందించిన ఎనిమిది వారాల కరుణ శిక్షణలో దీన్ని ముందే చెప్పి సిద్ధం చేస్తారు. ఎప్పుడూ దయ అందనిచోట అది అందగానే, ఇన్నాళ్లూ అందలేదన్న బాధ కూడా వెంట వస్తుంది. 2008లో వచ్చిన ఒక ప్రయోగంలో, కరుణను ఊహించుకోమన్నప్పుడు కొందరి గుండె లయ ప్రశాంతత వైపు మళ్లితే, మరికొందరిలో దానికి వ్యతిరేకంగా జరిగింది. ఆ రెండో గుంపువాళ్లు ఎక్కువగా స్వీయ విమర్శ ఉన్నవాళ్లు. కాబట్టి ఇది చేతకానితనం కాదు. అభ్యాసం అవసరమైన చోటే తగిలింది, మోతాదు మాత్రం ఎక్కువైంది.

అప్పుడు చేయాల్సింది ఆపడం. అరికాళ్ల స్పర్శ గమనించడం, నీళ్లు తాగడం, గిన్నెలు కడగడం వంటి ఓ మామూలు పని పది నిమిషాలు చేయడం. మరుసటి రోజు ఏడు నిమిషాల అభ్యాసాన్ని ఒక్క వాక్యానికి తగ్గించాలి: "ఇది కష్టంగా ఉంది." వారం రోజులు అంతే. పెద్ద అవమానాలతో కాకుండా బస్సు తప్పిపోవడం, తాళంచెవి మరిచిపోవడం వంటి చిన్న పొరపాట్ల మీద సాధన చేస్తే మంట అదుపులో ఉంటుంది.

కృతజ్ఞతను మళ్లీ ఎప్పుడు, ఎలా?

పై అభ్యాసంతో మూడు నాలుగు వారాలు గడిచాక, కృతజ్ఞత రాయడం మొదలుపెట్టవచ్చు. రోజూ అక్కర్లేదు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ఒక ఆరు వారాల ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. తరచుగా రాస్తే అది హాజరుపట్టీలా మారిపోవడం దీనికి ఒక కారణమై ఉంటుంది. వారానికి ఒక రోజు, ఒకటి రెండు విషయాలు, ఒక్కోదానికి నాలుగైదు వాక్యాలు చాలు: ఏం జరిగింది, అది జరగడానికి కారణం ఏమిటి, ఆ క్షణం ఒంట్లో ఎలా అనిపించింది.

స్వీయ విమర్శ ఉన్నవాళ్లు "కనీసం", "అయినా", "ఉండి కూడా" అనే మూడు మాటలకు ఈ పేజీలో చోటివ్వకూడదు. ఇవి వచ్చినచోట పోలిక మొదలవుతుంది, పోలిక వెనకే తిట్టు వస్తుంది. "ఎందరికో ఇదీ లేదు" అన్న వాక్యం కూడా అంతే. పైకి వినయంలా ఉండి, లోపల బాధపడే హక్కు లేదని చెబుతుంది.

ఇంకో చిక్కు, కృతజ్ఞత రుణభారంగా మారడం. ఇందాకటి ఉద్యోగికి మీటింగు అయ్యాక సహోద్యోగి ఒకతను సరైన అంకె వెతికి పంపాడనుకుందాం. "అతను కాపాడాడు, నేను అందరికీ భారం" అని రాస్తే అది అప్పుల చిట్టా. "నేను అడగకుండానే అంకె వెతికి పంపాడు. ఆ మెసేజి చూడగానే బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి" అని రాస్తే అతని మంచితనం పేజీ మీద నిలిచింది, ఆమె తక్కువతనం రాలేదు. తేడా తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఉంది. రాయడం అయ్యాక ఆ మనిషిని కలవాలనిపిస్తే కృతజ్ఞత. మొహం చాటేయాలనిపిస్తే రుణభారం. అలా అనిపించిన వారం కృతజ్ఞత పక్కన పెట్టి, మూడు వాక్యాల అభ్యాసానికి తిరిగి వెళ్లాలి. హింసించే, అవమానించే మనిషి గురించి కృతజ్ఞత రాయాలని ఎవరూ తమను బలవంతపెట్టుకోకూడదు. అక్కడ ఈ అభ్యాసం నష్టమే చేస్తుంది.

మార్పును దేనితో కొలవాలి?

లోపలి గొంతు ఆగిపోయిందా అని చూస్తే నిరాశే మిగులుతుంది, అది ఆగదు. చూడాల్సింది తప్పు జరిగాక మామూలు పనిలోకి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందన్నది. వారానికి ఒక తప్పు ఎంచుకుని ఆ సమయాన్ని గంటల్లో రాసుకోవాలి. మొదటి వారం రెండు రోజులు పట్టినది నాలుగో వారానికి ఒక సాయంత్రానికి తగ్గితే అభ్యాసం పనిచేస్తున్నట్టే. తప్పును ఇంకొకరికి చెప్పగలగడం మరో గుర్తు. దాచిపెట్టే అలవాటు తగ్గడం చాలాసార్లు తిట్లు తగ్గడం కన్నా ముందే కనిపిస్తుంది.

నాలుగైదు వారాలు చేసినా ఆ సమయం తగ్గకపోతే, లేదా ఆ గొంతు గిల్బర్ట్ చెప్పిన రెండో రకానిదై, దిద్దుకోమనడం మాని అసహ్యంతో శిక్షిస్తుంటే, కాగితం మీద ఒంటరిగా సాధన చేయడం సరిపోదు. గిల్బర్ట్ రూపొందించిన కరుణ కేంద్రిత చికిత్స మొదలైందే తీవ్రమైన సిగ్గు, స్వీయ విమర్శ ఉన్నవాళ్ల కోసం. దాన్ని క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చేయాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి దెబ్బతిన్నా డాక్టరును కలవాలి. తనకు హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఏ అభ్యాసం కోసమూ ఆగకుండా అదే రోజు దగ్గరివాళ్లకు చెప్పి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు గానీ ఆసుపత్రికి గానీ చేరాలి.